టర్మ్ ప్రాజెక్ట్‌కి ఇంకొన్ని రోజులు కావాలని ప్రొఫెసర్‌కి మెయిల్ రాయడం ఎలా: ఆంత్రప్రెన్యూర్‌షిప్ విద్యార్థుల కోసం

సెమిస్టర్ చివరి వారంలో నా ఇన్‌బాక్స్‌లోకి వచ్చే మెయిళ్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి: "సర్, అనుకోని కారణాల వల్ల..." ఆ అనుకోని కారణమేమిటో చివరిదాకా చదివినా తెలియదు. ఎన్ని రోజులు కావాలో ఉండదు. ఇప్పటిదాకా ఏం చేశారో ఉండదు. జవాబివ్వాలంటే ముందు నేనే మూడు ప్రశ్నలు వెనక్కి పంపాలి. వాటికి సమాధానాలు వచ్చేలోపు గడువు కాస్తా దాటిపోతుంది.

ఆంత్రప్రెన్యూర్‌షిప్ టర్మ్ ప్రాజెక్ట్‌కి ఒక ప్రత్యేకత ఉంది. మిగతా కోర్సుల్లో వ్యాసం ఆలస్యమైతే రాసేవాళ్లే బాధ్యులు. ఇక్కడ సగం పని బయటివాళ్ల చేతిలో ఉంటుంది. ఇంటర్వ్యూ ఇస్తానన్న కస్టమర్ ఆఖరి నిమిషంలో మానేస్తాడు. మనం మాట్లాడిన మనిషి అసలు కొనేవాడే కాదని ఎనిమిదో ఇంటర్వ్యూలో తెలుస్తుంది. కాబట్టి ఈ కోర్సులో గడువు అడగడానికి నిజమైన కారణాలు దొరుకుతాయి, ప్రొఫెసర్‌కి అవి కొత్త కూడా కాదు. ఆయన మెయిల్‌లో వెతికేది ఒక్క విషయమే: ఈ అదనపు రోజుల్లో ప్రాజెక్ట్‌లోకి ఇప్పుడు లేనిది ఏం వచ్చి చేరుతుంది? దీనికి జవాబు మెయిల్‌లో ఉంటే మిగతాదంతా మర్యాద. లేకపోతే ఎంత మర్యాదగా రాసినా పెద్దగా ఉపయోగం ఉండదు.

ఒకే ఉదాహరణ పట్టుకుని నడుద్దాం. నలుగురు సభ్యుల టీమ్. దంత వైద్యశాలల్లో ఎవరైనా అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంటే, ఆ ఖాళీని వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లకు మెసేజ్ పంపి నింపే సర్వీస్ వాళ్ల ఐడియా. రిపోర్ట్ గడువు 14వ తేదీ, శుక్రవారం రాత్రి. ఐడియాను జడ్జీల ముందు వినిపించే పిచ్ 24వ తేదీ, సోమవారం. ఇవాళ 10, సోమవారం. వాళ్లు ఎనిమిది మంది రిసెప్షనిస్టులతో మాట్లాడారు. అందరికీ ఐడియా నచ్చింది. కానీ ఏడో ఇంటర్వ్యూలో ఒకామె, "నాకు బాగానే ఉంది, డబ్బు కట్టేది మాత్రం డాక్టర్‌గారు" అంది. ఎనిమిదో ఆమె కూడా అదే చెప్పింది. అప్పుడు డాక్టర్ల వెంట పడ్డారు. పద్నాలుగు క్లినిక్‌లకు రాస్తే ఆరుగురు ఒప్పుకున్నారు. ఇద్దరితో మాట్లాడటం అయింది. ఒకరు 13న టైమ్ ఇచ్చారు, ఇద్దరు 17న, ఒకరు 18 ఉదయం.

అంటే గడువు రోజుకి ఆరుగురిలో ముగ్గురే అవుతారు.

మొదట సిలబస్ తెరవండి

మెయిల్ కంటే ముందు చేయాల్సిన పని ఇది. ఆలస్యంగా ఇస్తే ఏమవుతుందో చాలా కోర్సుల సిలబస్‌లో రాసే ఉంటుంది. కొన్నింట్లో ప్రతి టీమ్‌కీ సెమిస్టర్ మొత్తానికి కొన్ని లేట్ డేస్ ఇస్తారు. అవి మిగిలి ఉంటే మీరు అడగక్కర్లేదు, వాడుకుంటున్నామని చెబితే చాలు. కొన్నింట్లో రోజుకింత అని మార్కులు కోస్తారు. కొన్నింట్లో ఆలస్యమైతే అసలు తీసుకోరు. అభ్యర్థన ఎవరికి వెళ్లాలో కూడా అక్కడే ఉంటుంది. పెద్ద క్లాసుల్లో గడువు వ్యవహారం టీఏ చూసుకుంటారు, అప్పుడు నేరుగా ప్రొఫెసర్‌కి రాస్తే మెయిల్ మళ్లీ టీఏ దగ్గరికే వెళ్తుంది, మధ్యలో ఒక రోజు పోతుంది. గడువుకి ఇన్ని గంటల ముందే అడగాలి అనే నియమం ఉంటే, అది దాటాక రాసిన మెయిల్‌కి బలం తక్కువ.

మార్కులు కోసే పద్ధతి ఉంటే లెక్క వేయండి. రోజుకి 5 శాతం చొప్పున రెండు రోజులకు 10 శాతం పోతుంది అనుకుందాం. ప్రాజెక్ట్ బరువు కోర్సు మొత్తంలో 40 శాతమైతే, మీరు నిజంగా పోగొట్టుకునేది 4 మార్కులు. ఆ రెండు రోజుల్లో వచ్చే కొత్త సమాచారం అంతకంటే ఎక్కువ తెస్తుందా? ఒక్కోసారి జవాబు 'లేదు' అనే వస్తుంది. అప్పుడు ఉన్నది ఉన్నట్టు టైమ్‌కి ఇచ్చేయడమే లాభం.

ఇంకొకటి చూసుకోండి. రాతపూర్వక రిపోర్ట్ గడువు వేరు, పిచ్ రోజు వేరు. పిచ్ వినడానికి బయటినుంచి జడ్జీలు వస్తారు, మిగతా టీమ్‌ల వరస కూడా దానితో ముడిపడి ఉంటుంది. ఒక్క టీమ్ కోసం దాన్ని కదపడం ప్రొఫెసర్ చేతిలో కూడా సాధారణంగా ఉండదు. అడిగేది రిపోర్ట్ గడువు మాత్రమే అయితే ఒప్పుకోవడం తేలిక.

కారణం నిలబడుతుందా

ఇక్కడ కాస్త ఆగాలి. ఈ కోర్సులో వచ్చే ఆలస్యాలు పైకి ఒకేలా కనిపిస్తాయి, లోపల మాత్రం వేరువేరు.

మొదటిది, రావాల్సిన ఆధారం దారిలో ఉండటం. మన టీమ్ పరిస్థితి ఇదే. ఎవరిని అడగాలో తెలుసు, వాళ్లు టైమ్ ఇచ్చారు, ఆ తేదీ గడువు తర్వాత పడింది. అదనపు రోజులిస్తే ఏం వస్తుందో చూపించగలరు. గడువు అడగడానికి ఇంతకంటే మంచి కారణం ఈ కోర్సులో లేదు.

రెండోది, ఆధారం వచ్చింది కానీ మనకు నచ్చలేదు. ఇరవై మందిని అడిగితే పదిహేడు మంది "మాకు ఇది అక్కర్లేదు" అన్నారు. టీమ్ గుండె జారిపోయి, కొత్త ఐడియాతో మళ్లీ మొదలుపెడతాం, రెండు వారాలు ఇవ్వండి అని రాస్తుంది. దయచేసి ఈ మెయిల్ పంపకండి. కస్టమర్లు వద్దన్నారని తేలడం ప్రాజెక్ట్ విఫలమవడం కాదు, అదే మీ ఫలితం. ఏమనుకున్నాం, ఎవరిని అడిగాం, వాళ్లు ఏమన్నారు, మా ఊహ ఎక్కడ తప్పింది అని నిజాయితీగా రాసిన రిపోర్ట్, ఆఖరి వారంలో కంగారుగా కుట్టిన కొత్త ఐడియా కంటే చాలా మెరుగు. ఏదో ఒకటి అమ్ముడుపోయేలా చూపించాలన్న టెన్షన్‌లో మంచి పనిని పారేసుకున్న టీమ్‌లను ఏటా చూస్తుంటాను. ఇలాంటప్పుడు గడువు అడిగే బదులు, "మా ఫలితం ప్రతికూలంగా వచ్చింది, దీన్నే రిపోర్ట్‌గా ఇస్తే సరిపోతుందా?" అని రెండు వాక్యాల మెయిల్ రాయండి.

మూడోది, టీమ్‌లో ఒకరు పని చేయకపోవడం. ఇది గడువు సమస్య కాదు, టీమ్ సమస్య. రోజులు పెంచితే తీరదు. ఆ విషయం విడిగా, వీలైతే ముఖాముఖి చెప్పాలి. గడువు మెయిల్‌లో తోటి విద్యార్థి మీద ఫిర్యాదు కలిపితే రెండు పనులూ చెడతాయి.

అనారోగ్యం, ఇంట్లో ఆపద లాంటివి వేరే దారి. వాటికి ఈ వివరణలేవీ అవసరం లేదు. ఏమైందో ఒక్క వాక్యం, ఎప్పటికి ఇవ్వగలరో ఇంకో వాక్యం, అవసరమైతే సర్టిఫికెట్ ఇస్తామన్న మాట, అంతే. వ్యాధి వివరాలు రాయాల్సిన పనిలేదు. చాలా చోట్ల ఇలాంటి కారణాలకు విద్యార్థి వ్యవహారాల ఆఫీసు ద్వారా వెళ్లే పద్ధతి ఉంటుంది. అక్కడినుంచి ప్రొఫెసర్‌కి మాట వెళితే మీరు ఇల్లిల్లూ తిరిగినట్టు ప్రతి కోర్సుకీ విడిగా సంజాయిషీ చెప్పుకోనక్కర్లేదు.

లేని కారణం కల్పించే సంగతి కూడా చెప్పాలి. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. ఈ కోర్సులో అది అతకదు. ఇంటర్వ్యూ లాగ్ చూపించమంటే తేదీలన్నీ బయటపడతాయి. "నెలరోజులుగా ప్రయత్నిస్తున్నాం, ఎవరూ దొరకలేదు" అన్న టీమ్ లాగ్‌లో మొదటి మెయిల్ నాలుగు రోజుల క్రితంది అయితే, ఆ తర్వాత వాళ్ల రిపోర్ట్‌లో ప్రతి అంకెనూ అనుమానంగానే చదువుతాం. మొదలుపెట్టడమే ఆలస్యమైతే ఆ మాటే రాయండి: "డాక్టర్లతో మాట్లాడాలని మేం ఆలస్యంగా గ్రహించాం." చదివేవాళ్లకు అది మింగుడుపడే నిజం.

ఎన్ని రోజులు? ముందు కాగితం మీద లెక్క

"కొంచెం టైమ్ ఇవ్వండి" అంటే ప్రొఫెసర్ ఏదో ఒక అంకె ఊహించుకోవాలి. మీరే తేదీ చెప్పాలి, ఆ తేదీ వెనక లెక్క ఉండాలి. మన టీమ్ మొదట రెండు వారాలు అడుగుదామనుకుంది. ఎందుకు రెండు అంటే చెప్పలేకపోయారు. అప్పుడు మిగిలిన పని రాసుకున్నారు.

14 తర్వాత మిగిలేవి మూడు ఇంటర్వ్యూలు. ఒక్కోటి అరగంట, నోట్స్ రాసుకోవడానికి ఇంకో గంట, మొత్తం నాలుగున్నర గంటలు. ఆ సమాధానాలను బట్టి ధర, ఆదాయం లెక్కలు మార్చడానికి నాలుగు గంటలు. రిపోర్ట్‌లో రెండు విభాగాలు తిరగరాయడానికి ఐదు గంటలు. అన్నీ కలిపితే పదమూడున్నర గంటలు. అంటే వాళ్లకు కొరత పనిగంటల్లో లేదు, 18 ఉదయం జరగాల్సిన ఆఖరి ఇంటర్వ్యూలో ఉంది. ఆ మధ్యాహ్నం లెక్కలు, 19న రాత. డాక్టర్లు అపాయింట్‌మెంట్ ఒక రోజు అటూఇటూ మార్చడం మామూలే కాబట్టి ఒక రోజు అదనం. 20వ తేదీ, గురువారం సాయంత్రం 6 గంటలు. రెండు వారాలు కాస్తా ఆరు రోజులైంది.

ఆ తేదీని ప్రొఫెసర్ వైపునుంచి కూడా చూడాలి. ఆయన 24న పిచ్ వినేలోపు రిపోర్ట్ చదవాలి, ఆపైన మార్కులు ఆఫీసుకి పంపాలి. 20 సాయంత్రం ఇస్తే చదవడానికి మూడు రోజులుంటాయి. 23 రాత్రి ఇస్తామంటే మీకు సరిపోవచ్చు గానీ ఆయనకు కాదు.

లెక్క నమ్మేలా ఉండాలన్నది మరచిపోవద్దు. ఇంటర్వ్యూల వేగం ఎంతుంటుందో ఈ కోర్సు చెప్పేవాళ్లకు తెలుసు. అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ వాళ్ల ఐ-కార్ప్స్ శిక్షణలో ఒక్కో టీమ్ ఏడు వారాల్లో 100 ఇంటర్వ్యూలు చేయాలి. వారానికి పద్నాలుగు, పదిహేను. గట్టిగా అదే పనిమీద ఉన్నవాళ్ల వేగం అది. మీరు "మూడు రోజుల్లో ఇరవై ఇంటర్వ్యూలు పూర్తి చేస్తాం" అని రాస్తే, చేయరని చదివిన వెంటనే తెలిసిపోతుంది.

ఒకే మెయిల్, ఒకే చేయి

టీమ్ అంతా ముందు ఒక తేదీకి ఒప్పుకోవాలి. ఒకరు రాయాలి, మిగతా ముగ్గురూ సీసీలో ఉండాలి. ఒకే టీమ్ నుంచి ఒకరు 18 అని, ఇంకొకరు 21 అని విడివిడిగా రాయడం నేను చూశాను. ఇద్దరికీ ఇవ్వాలనిపించదు, ముందు మీలో మీరు మాట్లాడుకోండి అని రాయాలనిపిస్తుంది. ఎవరికైనా 15న వేరే పరీక్ష ఉంటే, ఎవరైనా ఊళ్లో ఉండకపోతే, అది తేదీ పెట్టకముందే బయటకు రావాలి.

ఎప్పుడు పంపాలి? తెలిసిన రోజే. మన టీమ్‌కి ఆఖరి అపాయింట్‌మెంట్ 18 అని 9 సాయంత్రం ఖరారైంది, 10 ఉదయం రాస్తున్నారు. గడువుకి నాలుగు రోజుల ముందు వచ్చిన మెయిల్‌ని ప్రణాళికగా చదువుతాం. గడువు రోజు రాత్రి పదకొండున్నరకు వచ్చిన అదే మెయిల్‌ని సాకుగా చదువుతాం. ఇది న్యాయమా అంటే పూర్తిగా కాకపోవచ్చు, కానీ చదివేవాళ్ల మనసు అలాగే పనిచేస్తుంది.

మెయిల్

చిన్నప్పుడు స్కూల్లో నేర్పిన సెలవు చీటీ ఇంకా చాలామంది చేతిని వదల్లేదు. "విన్నవించుకొనునది ఏమనగా" అని మొదలై "కావున తమరు దయతో" అని తిరిగి అసలు మాటకు వచ్చేసరికి సగం పేజీ అయిపోతుంది. అసలు మాట మొదటి వాక్యంలోనే రావాలి. మన టీమ్ రాసిన మెయిల్ ఇది.

> సబ్జెక్ట్: టీమ్ 7, టర్మ్ ప్రాజెక్ట్ రిపోర్ట్: రెండు విభాగాలకు 14 నుంచి 20 వరకు గడువు కోరుతూ
>
> ప్రొఫెసర్ గారికి నమస్కారం.
>
> మా టర్మ్ ప్రాజెక్ట్ రిపోర్ట్‌లో కస్టమర్లు, ఆదాయ మార్గాలు అనే రెండు విభాగాలను 14 శుక్రవారానికి బదులు 20 గురువారం సాయంత్రం 6 గంటలకు ఇవ్వడానికి అనుమతి కోరుతున్నాం. మిగతా రిపోర్ట్ మొత్తం 14నే ఇస్తాం. 24న మా పిచ్‌లో ఏ మార్పూ అడగడం లేదు.
>
> దంత వైద్యశాలల్లో రద్దయిన అపాయింట్‌మెంట్లు నింపే మా సర్వీస్ గురించి ఎనిమిది మంది రిసెప్షనిస్టులతో మాట్లాడాం. వాడేది వాళ్లే అయినా, కొనాలా వద్దా అని నిర్ణయించేది డాక్టర్లని చివరి రెండు ఇంటర్వ్యూల్లో తెలిసింది. ఈ సంగతి మేం ముందే అడిగి తెలుసుకోవాల్సింది. తర్వాత పద్నాలుగు క్లినిక్‌లకు రాస్తే ఆరుగురు డాక్టర్లు ఒప్పుకున్నారు. ఇద్దరితో మాట్లాడాం, ఒకరితో 13న మాట్లాడుతున్నాం. మిగతా ముగ్గురు 17, 18 తేదీల్లో టైమ్ ఇచ్చారు.
>
> మేం పెట్టిన నెలవారీ ధరకు వాళ్లు ఒప్పుకుంటారా అన్నదే మా ఆదాయం లెక్కలన్నింటికీ ఆధారం. ఇప్పటివరకు ఇద్దరిలో ఒకరు సరే అన్నారు, ఒకరు వద్దన్నారు. 18న ఇంటర్వ్యూలు ముగించి, 19న ఆ రెండు విభాగాలు తిరగరాస్తాం. అపాయింట్‌మెంట్ మారితే సర్దుకోవడానికి ఒక రోజు పెట్టుకున్నాం.
>
> గడువు ఇవ్వడం కుదరకపోతే 14నే పూర్తి రిపోర్ట్ ఇస్తాం. అప్పుడు ముగ్గురు డాక్టర్ల సమాధానాలే ఉంటాయి, ధరను ఇంకా నిర్ధారణ కాని ఊహగా చూపిస్తాం.
>
> ఇప్పటి బిజినెస్ మోడల్ కాన్వాస్, ఇంటర్వ్యూ లాగ్ జతచేశాం. లాగ్‌లో పేర్లు తీసేశాం. బుధవారంలోపు మీ నిర్ణయం తెలిపితే దాన్నిబట్టి పని సర్దుకుంటాం.
>
> కృతజ్ఞతలతో,
> టీమ్ 7 తరఫున

చివర రాసినవాళ్ల పేరు, రోల్ నంబర్, సెక్షన్, మిగతా ముగ్గురి పేర్లు ఉంటాయి. ఒకే ప్రొఫెసర్ రెండు మూడు సెక్షన్లు చెబుతుంటే సెక్షన్ లేని మెయిల్‌తో ఆయన జాబితాలు వెతుక్కోవాలి. మెయిల్ ఏ భాషలో రాసినా వరస మాత్రం ఇదే. క్లాసులో ప్రొఫెసర్‌తో ఏ భాషలో మాట్లాడతారో అందులోనే రాయండి.

ఇందులో కొన్ని చోట్లు గమనించండి. సబ్జెక్ట్ లైన్ చదివితేనే ఎవరు, ఏమిటి, ఎప్పటికి అన్నీ తెలిసిపోతాయి. ఫోన్‌లో సబ్జెక్ట్ లైన్ సగమే కనిపిస్తుంది కాబట్టి టీమ్ నంబర్ ముందే ఉంది. "అర్జెంట్" అన్న మాట లేదు, అది మీకు అర్జెంట్.

రిపోర్ట్ మొత్తానికి కాక రెండు విభాగాలకే గడువు అడిగారు. అన్నిటికంటే తెలివైన అడుగు ఇదేనని నా అభిప్రాయం. వ్యాపారం ఎలా నడుస్తుందో ఒకే పేజీలో చూపే బిజినెస్ మోడల్ కాన్వాస్‌లో తొమ్మిది గడులుంటాయి. కస్టమర్ ఎవరన్నది మారితే తొమ్మిదీ ఎంతో కొంత కదులుతాయి, నిజమే. కానీ పోటీదారుల పరిశీలన, సర్వీస్ ఎలా పనిచేస్తుంది, ఖర్చుల మొదటి అంచనా ఇవన్నీ డాక్టర్ల జవాబు కోసం ఆగనక్కర్లేదు. అవి 14నే చేతికొస్తే ప్రొఫెసర్ చదవడం మొదలుపెట్టగలరు, మీరు చేతులు ముడుచుకుని కూర్చోలేదని కూడా తెలుస్తుంది.

తప్పు ఒప్పుకున్న వాక్యం ఒక్కటే ఉంది: "ముందే అడిగి తెలుసుకోవాల్సింది." దాన్ని మూడు వాక్యాల క్షమాపణగా సాగదీస్తే, చదివేవాళ్లు మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తుంది. ఆ పని ఆయనకు పెట్టొద్దు.

ఇద్దరిలో ఒకరు వద్దన్నారని దాచకుండా రాశారు. కొంతమంది విద్యార్థులు ఇక్కడ భయపడతారు, నెగటివ్‌గా ఉంటుందేమోనని. నిజానికి ఈ వాక్యమే మెయిల్‌ని నిలబెడుతుంది. ఒకటికి ఒకటి ఉన్నచోట ఇంకో ముగ్గురి మాట ఎంత విలువైనదో వివరించనక్కర్లేకుండా తెలిసిపోతుంది. ఆరుగురితో ధర మీద ఆఖరి మాట చెప్పలేమన్నది వేరే సంగతి, ఆ పరిమితిని రిపోర్ట్‌లో రాయాలి.

కుదరకపోతే ఏం చేస్తారో చెప్పే పేరా బెదిరింపులా ఉండకూడదు, బతిమాలుకున్నట్టూ ఉండకూడదు. "ఇవ్వకపోతే మా ప్రాజెక్ట్ నాశనమవుతుంది" అంటే ప్రొఫెసర్ ఇరుకున పడతారు. కాదన్నా పని ఆగదని తెలిస్తే ఆయన స్వేచ్ఛగా నిర్ణయిస్తారు, అలాంటప్పుడు సరే అనడమే ఎక్కువ.

ఏం జతచేయాలి

ఒకటి రెండు పేజీలు, అంతకుమించి వద్దు. ఇంటర్వ్యూ లాగ్ అంటే తేదీ, ఎలాంటి మనిషి, ఎంతసేపు, ముఖ్యంగా తెలిసిందేమిటి అనే నాలుగు నిలువు వరసల పట్టిక చాలు. ఇంటర్వ్యూ ఇచ్చినవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు తీసేయాలి. వాళ్లు మీతో మాట్లాడటానికి ఒప్పుకున్నారు, తమ వివరాలు మెయిళ్లలో తిరగడానికి కాదు. పేర్లకు బదులు డా1, డా2, రి1 అని పెట్టుకోండి. డాక్టర్లు టైమ్ ఇచ్చిన మెయిళ్లను స్క్రీన్‌షాట్ తీసి పంపడం కూడా ఇందుకే అనవసరం. అడిగితే చూపిస్తామంటే సరిపోతుంది.

సగం రాసిన ముప్పై పేజీల రిపోర్ట్ జతచేయొద్దు. ఎవరూ తెరవరు, తెరిచినా అందులోని అక్షరదోషాలు కనిపిస్తాయి.

పంపాక

జవాబు వచ్చేదాకా పాత గడువే అమల్లో ఉంది. చాలా టీమ్‌లు ఇక్కడే దెబ్బతింటాయి. మెయిల్ పంపామన్న ధైర్యంతో పని ఆపేస్తారు, 14 వచ్చేస్తుంది, జవాబు రాదు. మౌనం అర్ధాంగీకారం అనే మాట మెయిల్ విషయంలో చెల్లదు. మన టీమ్ బుధవారంలోపు చెప్పమంది కాబట్టి బుధవారం సాయంత్రం అదే మెయిల్‌కి రిప్లైగా రెండు వాక్యాల రిమైండర్ పంపొచ్చు: "సోమవారం పంపిన అభ్యర్థనపై మీ నిర్ణయం కోసం చూస్తున్నాం. మాట రానంతవరకు 14కే ఇచ్చేలా పని చేస్తున్నాం." కొత్త మెయిల్‌గా పంపితే పాత వివరాలన్నీ ఆయన మళ్లీ వెతుక్కోవాలి. గురువారానికీ జవాబు లేకపోతే క్లాసు అయ్యాకో, ఆఫీస్ అవర్స్‌లోనో ఒక నిమిషం కలవండి. అక్కడ నోటిమాటగా సరేనంటే, బయటికి రాగానే "ఇప్పుడు మీరు చెప్పిన ప్రకారం రెండు విభాగాలు 20 సాయంత్రం 6కి ఇస్తాం" అని ఒక వాక్యం మెయిల్ చేయండి. పది రోజుల తర్వాత మార్కులు వేసేది టీఏ అయితే, ఆ నోటిమాట ఆయనకు తెలియదు.

సరే అంటే వెంటనే కృతజ్ఞత చెప్పి తేదీని మళ్లీ రాయండి. సబ్మిషన్ పోర్టల్ 14 రాత్రికి మూసుకుపోతుందేమో అడగడం మరచిపోవద్దు. ప్రొఫెసర్ గడువు ఇచ్చినా పోర్టల్‌లో తేదీ మారకపోతే, 20న మీ ఫైల్‌ని అది తీసుకోకపోవచ్చు, తీసుకున్నా ఆలస్యం ముద్ర వేస్తుంది.

"18 దాకా ఇస్తాను" అంటే బేరం ఆడకండి. లెక్క మళ్లీ వేసుకోండి. 17న ఇద్దరితో మాట్లాడి ఆ రాత్రే ధర లెక్కలు మార్చవచ్చు, ఐదుగురి సమాధానాలతో 18న ఇవ్వవచ్చు. 18 ఉదయం డాక్టర్ ఇంటర్వ్యూని మాత్రం రద్దు చేయొద్దు. టైమ్ ఇచ్చిన మనిషిని వదిలేయడం బాగుండదు, ఆయన చెప్పింది 24న పిచ్‌లో వాడుకోవచ్చు.

కాదంటే, ఎందుకని అడగొద్దు. మెయిల్‌లో రాసినట్టే 14న ఇచ్చేయండి. ధర ఉన్నచోట "ముగ్గురు డాక్టర్లతో మాట్లాడాం, మరో ముగ్గురితో 17, 18 తేదీల్లో మాట్లాడుతున్నాం" అని రాసి, ధర తగ్గితే ఆదాయం ఎంత మారుతుందో రెండు మూడు అంకెలతో చూపించండి. ఆ పట్టిక ఎలాగూ తయారు చేయాల్సిందే.

ఒకసారి వచ్చిన గడువుని మళ్లీ పొడిగించమని అడగడం దాదాపు ఎప్పుడూ పనిచేయదు. 18 ఉదయం డాక్టర్ రాకపోయినా, మర్నాడు కూడా కుదరకపోయినా, 20 సాయంత్రానికి ఐదుగురితోనే ఇచ్చేయాలి.

మన టీమ్‌కి మంగళవారం రాత్రి ఒక్క ముక్కలో జవాబు వచ్చింది: "సరే. పోర్టల్ తెరిచి ఉంచుతాను." 20న ఫైల్ అప్‌లోడ్ చేశాక వాళ్లు ప్రొఫెసర్‌కి ఇలా రాశారు: "రెండు విభాగాలు సమర్పించాం. ఆరుగురు డాక్టర్లలో ఇద్దరే మా ధరకు ఒప్పుకున్నారు. నెలకింత అని కాక, నింపిన ప్రతి అపాయింట్‌మెంట్‌కీ ఇంత అంటే ఇస్తామని మిగతా నలుగురిలో ముగ్గురన్నారు. ఆదాయం లెక్క ఆ పద్ధతిలో మళ్లీ వేశాం, పాత లెక్క అనుబంధంలో ఉంది."